క్లినిక్ ఇన్సూరెన్స్ కంపెనీ మారుస్తున్నారా? ప్రీమియం కన్నా ముందు రెట్రో డేట్ చూడండి

2025 జూన్ చివర్లో తెనాలి నుంచి ఒక గైనకాలజిస్ట్ మేడమ్ ఫోన్ చేశారు. ఆవిడకు పది పడకల సొంత నర్సింగ్ హోమ్ ఉంది. వైద్యంలో నిర్లక్ష్యం జరిగిందంటూ ఎవరైనా కేసు వేస్తే ఆదుకునే ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీని 2015 ఆగస్టు 12 నుంచి ఒకే కంపెనీలో, ఒక్క ఏడాదీ తప్పకుండా కడుతూ వచ్చారు.

"మా పాలసీ ఆగస్టు 11తో అయిపోతుందండీ. ఇప్పటి కంపెనీ రెన్యువల్‌కి 62 వేలు అంటోంది. ఇంకో కంపెనీ అదే యాభై లక్షల కవర్ 41 వేలకే ఇస్తానంటోంది. మారిపోవచ్చు కదా?" అని అడిగారు.

"మేడమ్, ఆ 41 వేల కొటేషన్‌లో రెట్రోయాక్టివ్ డేట్ అని ఒక గడి ఉంటుంది. అందులో ఏముందో చూసి చెప్పండి" అన్నాను.

కాసేపు కాగితాల చప్పుడు వినిపించింది. "12-08-2025 అని ఉంది. కొత్త పాలసీ మొదలయ్యే రోజే కదా, సరిగ్గానే ఉంది."

సరిగ్గా లేదు. ఆ ఒక్క తేదీ వల్ల ఆవిడ పదేళ్లలో చేసిన కాన్పులు, ఆపరేషన్లు అన్నీ కవర్ బయటికి పోతున్నాయి. ఏడాదికి 21 వేలు మిగులుతాయని ఆవిడ చూస్తున్నారు. బదులుగా వదులుకుంటున్నదేమిటో ఆ కొటేషన్‌లో ఎక్కడా రాసి లేదు. నేను విజయవాడలో ఇన్సూరెన్స్ బ్రోకింగ్ చేస్తాను, డాక్టర్ల పాలసీలే ఎక్కువగా చూస్తాను. కంపెనీ మారేటప్పుడు జరిగే పొరపాట్లలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. నష్టం ఆ రోజున కనిపించదు, రెండు మూడేళ్ల తర్వాత లీగల్ నోటీసుతో పాటు బయటపడుతుంది.

రెండు తేదీలు

కారు ఇన్సూరెన్స్‌లో లెక్క తేలిక. యాక్సిడెంట్ జరిగిన రోజు ఏ పాలసీ నడుస్తోందో ఆ కంపెనీయే డబ్బు కడుతుంది. డాక్టర్ల పాలసీ అలా నడవదు. దీన్ని క్లెయిమ్స్ మేడ్ పాలసీ అంటారు. పేషెంట్ మీ మీద క్లెయిమ్ తెచ్చిన రోజున, అంటే నోటీసు అందిన రోజున, ఏ పాలసీ అమలులో ఉందో అదే బాధ్యత తీసుకోవాలి. దానికి తోడు ఆ చికిత్స రెట్రోయాక్టివ్ డేట్ తర్వాత జరిగి ఉండాలి. ఈ రెండు షరతుల్లో ఏది తప్పినా డబ్బు రాదు.

ఒకే కంపెనీలో ఏటా రెన్యువల్ చేస్తున్నంత కాలం రెట్రో డేట్ మొదటి పాలసీ రోజు దగ్గరే నిలబడి ఉంటుంది. అందుకే చాలామంది డాక్టర్లకు అలాంటి తేదీ ఒకటి ఉందని కూడా తెలియదు. కంపెనీ మారిన రోజు పాత పాలసీ ముగుస్తుంది కాబట్టి ఆ తర్వాత వచ్చే నోటీసుకు అది పలకదు. కొత్త పాలసీకి పాత తేదీ ఇవ్వకపోతే, పాత చికిత్సలకు అదీ పలకదు. పేషెంటుకు మాత్రం కేసు వేసే హక్కు అలాగే ఉంటుంది.

"పాత కేసులు ఇప్పుడెవరు వేస్తారండీ" అని మేడమ్ అన్నారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలో ఫిర్యాదు చేయాలి. సరైన కారణం చూపిస్తే ఆ తర్వాత కూడా కమిషన్ ఆలస్యాన్ని మన్నించవచ్చు. పైగా ఆ రెండేళ్లు ఎప్పటి నుంచి లెక్కించాలన్నదే పెద్ద తగాదా. డాక్టర్ శ్రీఖండే మీద వేసిన కేసులో పిత్తాశయం ఆపరేషన్ 1993లో జరిగింది, కడుపులో గాజ్‌గుడ్డ ఉందని 2002లో బయటపడింది, ఫిర్యాదు 2004లో వేశారు. తొమ్మిదేళ్లు నొప్పి ఉన్నా ఆ డాక్టర్ని సంప్రదించలేదని 2010లో సుప్రీంకోర్టు ఆ ఫిర్యాదును కొట్టేసింది. కానీ లోపల దాగి ఉన్న హాని విషయంలో, అది తెలిసిన రోజు నుంచి గడువు లెక్కించవచ్చన్న సూత్రాన్ని ఒప్పుకుంది. గెలిచిన డాక్టరైనా అన్నేళ్లు లాయర్ ఫీజులు కట్టాల్సిందే. డిఫెన్స్ ఖర్చును ముందస్తు అనుమతితో ఇచ్చేది కూడా ఈ పాలసీయే.

కాన్పులు చేసేవారికి ఇంకో సంగతి ఉంది. పుట్టినప్పుడు బిడ్డకు హాని జరిగిందంటే, సివిల్ కోర్టులో మైనర్‌కు దావా గడువు మేజర్ అయ్యాక మొదలవుతుంది. 2016లో మేడమ్ చేసిన కాన్పు గురించి 2034 తర్వాత కూడా దావా రావచ్చన్నమాట. గైనిక్, పిల్లల వైద్యం, మత్తు డాక్టర్లకు పాత రెట్రో డేట్ విలువ మిగతావారి కన్నా ఎక్కువ అని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

మేడమ్ ముందున్న మూడు దారులు

మొదటిది, 62 వేలు కట్టి పాత కంపెనీలోనే ఉండిపోవడం. రెట్రో డేట్ 12-08-2015 కదలదు. డబ్బు ఎక్కువైనా తలనొప్పి లేదు.

రెండోది ఆ 41 వేల కొటేషన్. దానికి మద్దతుగా ఆ కంపెనీ ఏజెంట్ ఒక మాట చెప్పాడట. "పాత పాలసీలో 90 రోజుల పొడిగింపు ఉంటుంది మేడమ్, ఆలోగా వచ్చే క్లెయిములు వాళ్లే చూసుకుంటారు" అని. పాత పాలసీ తెప్పించి చదివాను. 90 రోజుల క్లాజు నిజంగానే ఉంది. పాలసీ రెన్యువల్ కాకపోయినా, రద్దయినా, అంతకుముందు జరిగిన ఘటనల క్లెయిములను గడువు తర్వాత 90 రోజుల దాకా తెలియజేయవచ్చు. కానీ అదే వాక్యం మధ్యలో ఒక షరతు ఉంది. ఆ 90 రోజుల్లో ఇదే రిస్కుకు వేరే ఇన్సూరెన్స్ ఏదీ అమలులో ఉండకూడదు. కంపెనీ మారిన వాళ్లకు వేరే ఇన్సూరెన్స్ ఉండనే ఉంటుంది! అంటే ప్రాక్టీస్ మానేసే డాక్టర్‌కు పనికొచ్చే ఆ క్లాజు మారేవాళ్లకు పనికిరాదు. మన ప్రభుత్వ రంగ కంపెనీల పాలసీల్లో ఈ క్లాజు చాలాకాలంగా ఇలాగే ఉంది. మీ పాలసీలో ఎన్ని రోజులున్నాయో, ఏ షరతు ఉందో ఆ వాక్యం పూర్తిగా చదివితేనే తెలుస్తుంది.

మూడోది నేను తెప్పించిన కొటేషన్. అది ఇంకో కంపెనీది, 54 వేలు, రెట్రో డేట్ 12-08-2015. పాత కంపెనీ కన్నా 8 వేలు తక్కువ, చవక కొటేషన్ కన్నా 13 వేలు ఎక్కువ. (ఇవి ఆ ఒక్క నర్సింగ్ హోమ్ అంకెలు, పైన జీఎస్టీ అదనం. పడకలు, పేషెంట్ల సంఖ్య, స్పెషాలిటీని బట్టి మీ అంకెలు వేరుగా ఉంటాయి.) ఆ 13 వేలతో పదేళ్ల వెనకటి కవర్ కొంటున్నట్టు లెక్క. నా దృష్టిలో ఈ మూడింట్లో అసలు పోటీ మొదటిదానికి, మూడోదానికి మధ్యే. రెండోది చవకగా ఉండటానికి కారణం అది వేరే సరుకు కావడమే.

కొన్ని కంపెనీలు మధ్యస్థంగా ఇంకో పద్ధతి చెబుతాయి. కవర్ యాభై లక్షల నుంచి కోటికి పెంచమంటే, పాత రెట్రో డేట్ పాత యాభై లక్షలకే ఇస్తాం, పెరిగిన యాభై లక్షలకు కొత్త తేదీ అంటాయి. ఇది అన్యాయమేమీ కాదు. 2022 నాటి చికిత్సకు యాభై లక్షలు, ఇకపై చేసే చికిత్సకు కోటి అని మనకు తెలిసి ఒప్పుకుంటే చాలు.

కంపెనీకి ఏం రాయాలి

పాత తేదీ కావాలని ఫోన్లో అడిగితే, "ఇస్తాం మేడమ్, కంటిన్యుటీ ఉంది కదా" అంటారు. ఆ మాట మీద ఆగిపోకండి. చాలా పాలసీల్లో రెట్రోయాక్టివ్ డేట్‌కు ఇచ్చిన అర్థమే "ఈ పాలసీ కింద మొదటిసారి రిస్కు మొదలై, ఆపై విరామం లేకుండా రెన్యువల్ అవుతూ వచ్చిన తేదీ" అని ఉంటుంది. ఇందులో 'ఈ పాలసీ' అన్న మాట కీలకం. పాలసీ వివరాలు, తేదీలు ముద్రించే షెడ్యూల్‌లో పాత తేదీ లేకపోతే ఆ నిర్వచనం ప్రకారం కొత్త కంపెనీ పాలసీ మొదలైన రోజే రెట్రో డేట్ అవుతుంది. వేరే కంపెనీలో గడిచిన పదేళ్లు దాని లెక్కలోకి రావు.

అందుకే ప్రపోజల్ ఫారంతో పాటు విడిగా ఒక మెయిల్ పెట్టించాను. దాని సారాంశం ఇది:

"మా నర్సింగ్ హోమ్‌కు 12-08-2015 నుంచి 11-08-2025 వరకు విరామం లేకుండా ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ కవర్ ఉంది. పది ఏళ్ల షెడ్యూళ్లు, పాత కంపెనీ ఇచ్చిన క్లెయిముల వివరాల లెటర్ జతచేశాను. 12-08-2025 నుంచి మీ పాలసీ తీసుకోవడానికి నా ప్రధాన షరతు రెట్రోయాక్టివ్ డేట్ 12-08-2015గా కొనసాగడం. ఈ తేదీ షెడ్యూల్‌లో ముద్రించాలి. పాలసీ నిర్వచనంలో 'ఈ పాలసీ కింద' అన్న చోట, పాత కంపెనీలో నడిచిన కవర్ కూడా లెక్కలోకి వస్తుందని పాలసీకి జతచేసే ఎండార్స్‌మెంట్ ఇవ్వాలి. పాత తేదీ మొత్తం పరిమితికి వర్తిస్తుందా, కొంత పరిమితికేనా రాతపూర్వకంగా తెలపండి. నాకు తెలిసిన ఘటనల వివరాలు వేరే కాగితంలో ఇచ్చాను."

పది షెడ్యూళ్లు ఎందుకంటే, మధ్యలో ఒక్క ఏడాది కాగితం లేకపోయినా, రిస్కు తీసుకోవాలో వద్దో తేల్చే కంపెనీ అండర్‌రైటర్ అక్కడ విరామం ఉందేమోనని ఆగిపోతాడు. మేడమ్ దగ్గర 2018ది దొరకలేదు. పాత కంపెనీ బ్రాంచికి రాసి కాపీ తెప్పించేసరికి పన్నెండు రోజులు పట్టింది. రెన్యువల్‌కు కనీసం 45 రోజుల ముందు మొదలుపెట్టమనేది ఇందుకే.

షెడ్యూళ్లలో పేరు కూడా చూడాలి. మొదట డాక్టర్ సొంత పేరు మీద ఉన్న పాలసీ, క్లినిక్‌ను కంపెనీగానో పార్ట్‌నర్‌షిప్‌గానో మార్చాక ఆ పేరు మీదకు వెళ్లి ఉంటే, రెండు పేర్లకూ పాత తేదీ వర్తిస్తుందని రాయించుకోవాలి. డాక్టర్ వ్యక్తిగత పాలసీ, నర్సింగ్ హోమ్ పాలసీ వేర్వేరుగా ఉంటే వాటి రెట్రో డేట్లు కూడా వేరే. ఒకటి అడిగి రెండోది మరిచిపోకండి.

తెలిసిన గొడవ ఉంటే లెక్క మారుతుంది

ఆ "తెలిసిన ఘటనల" కాగితం రాయించేటప్పుడు మేడమ్‌ను అడిగాను, ఈ రెండు మూడేళ్లలో ఎవరైనా గొడవపడ్డారా, కాగితాలు అడిగారా అని. మొదట లేదన్నారు. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి, "జూన్‌లో ఒకాయన భార్య కేస్ షీట్ జిరాక్స్ కావాలని వచ్చాడండీ, ఇచ్చేశాం. అది కూడా చెప్పాలా?" అన్నారు.

కేస్ షీట్ అడిగినంత మాత్రాన గొడవ ఉన్నట్టు కాదు. పేషెంట్ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలన్నది 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధన, మెడిక్లెయిమ్ కోసం అడిగేవాళ్లే ఎక్కువ. కానీ ఈ కేసు వివరాలు అలా లేవు. 2024 మార్చి 3న సిజేరియన్ అయింది. కొన్ని వారాలకు మూత్రాశయానికి గాయమైందని గుంటూరులో మళ్లీ ఆపరేషన్ చేశారు. ఏడాది దాటాక భర్త వచ్చి, డిశ్చార్జి సమ్మరీ చాలదు, ఆపరేషన్ నోట్స్, మత్తు నోట్స్ కావాలని పట్టుబట్టాడు. వేరే చోట రెండో ఆపరేషన్, ఆలస్యంగా రికార్డుల కోసం రావడం, ప్రత్యేకంగా ఆపరేషన్ నోట్స్ అడగడం, ఈ మూడూ కలిస్తే రేపు నోటీసు రావచ్చని అనుకోవాల్సిందే.

ఇలాంటి ఘటన మీకు ముందే తెలిసి ఉంటే, కొత్త కంపెనీ పాత రెట్రో డేట్ ఇచ్చినా దానికి డబ్బు రాదు. తెలిసిన సంగతులను పాలసీ మినహాయిస్తుంది. దాచిపెట్టి సంతకం చేస్తే ఆ ఒక్క క్లెయిమ్‌తో పోకుండా మొత్తం పాలసీకే ఎసరు రావచ్చు. కాబట్టి తెలిసినవి పాత కంపెనీకి అప్పజెప్పాలి, తెలియనివాటి కోసం కొత్త కంపెనీలో పాత తేదీ ఉంచుకోవాలి. మారేవాళ్లకు ఈ రెండూ కావాలి.

అప్పజెప్పే దారి పాత పాలసీలోనే ఉంది. పాలసీ నడుస్తుండగా, క్లెయిమ్‌కు దారితీసే అవకాశమున్న ఫలానా ఘటన ఉందని రాసిస్తే, కంపెనీ ఆ సమాచారాన్ని అంగీకరిస్తే, నోటీసు ఎప్పుడొచ్చినా ఆ పాలసీ కాలంలోనే వచ్చినట్టు చూస్తారు. నోటిఫికేషన్ ఎక్స్‌టెన్షన్ అనే క్లాజు ఇది. ఊరికే "గొడవలు రావచ్చు" అని రాస్తే అంగీకరించరు. ఐపీ నంబరు, ఆపరేషన్ తేదీ, ఏం చేశారు, తర్వాత ఏమైంది, మీకు ఎప్పుడు ఎలా తెలిసింది, రికార్డులు ఎవరు అడిగారు అన్నవి ఒక పేజీలో రాసి, అడిగిన దరఖాస్తు కాపీ జతచేయాలి. తప్పు మాదేనని గానీ, ఇంత ఇస్తామని గానీ ఎక్కడా రాయకూడదు.

"చెబితే ప్రీమియం పెంచేస్తారేమో" అని మేడమ్‌కు టెన్షన్. ఆ భయం అందరికీ ఉంటుంది. ఏం జరిగిందో చెబుతాను. జులై 14న పాలసీ ఇచ్చిన ఆఫీసులో లెటర్ ఇచ్చి స్టాంపు వేయించుకున్నాం, మెయిల్ కూడా పెట్టాం. జులై 28న రెఫరెన్స్ నంబరుతో అంగీకారం వచ్చింది. కొత్త కంపెనీకి కూడా అదే చెప్పాం. వాళ్లు ఆ ఒక్క పేషెంట్ విషయాన్ని ఐపీ నంబరుతో మినహాయించి, 54 వేలూ, పాత రెట్రో డేట్ అలాగే ఉంచారు. ఆ మినహాయింపు వల్ల ఆవిడకు నష్టం లేదు, దాన్ని పాత కంపెనీ అప్పటికే తీసుకుంది.

నవంబరు 24న ఆ పేషెంట్ తరఫున లీగల్ నోటీసు వచ్చింది. 41 వేల పాలసీ తీసుకుని ఊరుకుని ఉంటే, చికిత్స రెట్రో డేట్‌కు ముందుది కాబట్టి కొత్త కంపెనీ కాదనేది. పాలసీ ముగిసింది కాబట్టి పాత కంపెనీ కాదనేది. ఆ 90 రోజులు, షరతు పక్కన పెట్టినా, నవంబరు 9నే అయిపోయాయి. రాసిచ్చిన లెటర్ ఉంది కాబట్టి నోటీసు పాత కంపెనీకి వెళ్లింది, జవాబు ఇవ్వడానికి వాళ్లు లాయర్‌ను పెట్టారు.

ఎవరికి ఏది

పాత కంపెనీ మీ సమాచారాన్ని అంగీకరించనంటే, లేదా గడువులోగా జవాబు ఇవ్వకపోతే, ఆ ఏడాదికి మారకండి. ఎక్కువైనా కట్టి అక్కడే ఉండండి. కొత్త కంపెనీ పాత తేదీని షెడ్యూల్‌లో వేయనంటే కూడా ఇదే నా సలహా, ముఖ్యంగా ఆపరేషన్లు, కాన్పులు చేసే చోట. మారే ఆలోచన ఉందని చెప్పి పాత కంపెనీని ధర తగ్గించమని అడగడంలో తప్పులేదు. నేను ముందు ఆ పనే చేస్తాను.

క్లినిక్ పెట్టి ఏడాది కూడా కాకపోతే, పోగొట్టుకునే వెనకటి కాలం తక్కువ కాబట్టి కొత్త తేదీతో పోయినా నష్టం చిన్నది. రెన్యువల్ మరిచిపోయి ఇప్పటికే నెలల విరామం వచ్చినవాళ్లకు పాత తేదీ ఎవరూ సులువుగా ఇవ్వరు. అడిగి చూడండి, రాకపోతే దొరికిన తేదీతో వెంటనే మొదలుపెట్టండి.

మారాలని తేల్చుకున్నాక విరామం ఒక్క రోజు కూడా రాకూడదు. ఇన్సూరెన్స్ చట్టంలోని 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం ముందుగా అందకుండా రిస్కు మొదలవదు. ఆగస్టు 12 మధ్యాహ్నం డబ్బు కడితే, ఆ నిమిషం నుంచే పాలసీ మొదలవుతుంది. 11 అర్ధరాత్రికీ దానికీ మధ్య పన్నెండు గంటలు ఖాళీ వచ్చి, 'విరామం లేకుండా' అన్న షరతు చెడుతుంది. మేడమ్ ఆగస్టు 8నే కట్టారు. పాలసీ 12వ తేదీ 00:00 గంటల నుంచి అని రాయించాం.

పాలసీ మెయిల్లో వచ్చాక మొదట షెడ్యూల్ తెరిచాను. రెట్రోయాక్టివ్ డేట్ గడిలో 12-08-2025 అని ఉంది! కొటేషన్‌లో, మెయిళ్లలో అన్నిచోట్లా 2015 అని ఉన్నా, పాలసీ తయారు చేసేటప్పుడు సిస్టమ్ తనంతట తాను మొదలయ్యే తేదీనే వేసేసింది. అండర్‌రైటర్ ఒప్పుకున్న మెయిల్ జతచేసి అదే రోజు రాశాం, మూడో రోజుకు సరిచేసిన ఎండార్స్‌మెంట్ వచ్చింది. మేడమ్ దాన్ని ప్రింట్ తీసి పాత పది షెడ్యూళ్లతో కలిపి ఒకే ఫైల్లో పెట్టారు. 2026 రెన్యువల్ షెడ్యూల్ వచ్చినప్పుడు కూడా ఆ గడి మళ్లీ చూడమని ఫైల్ అట్ట మీద నా చేత రాయించుకున్నారు.